పెబ్రిన్ క్రిమికి నేను అంటగట్టిన వంశం

పట్టుపురుగుకు పెబ్రిన్ తెగులు తెచ్చే నోసిమా బాంబిసిస్ శిలీంద్రాలకు దగ్గరి చుట్టం. ఈ మాట ఇవాళ ఎవరడిగినా తడుముకోకుండా చెప్తాను. కానీ కొన్నేళ్లపాటు నేను దీనికి సరిగ్గా వ్యతిరేకమైన మాట చెప్పాను. నా థీసిస్‌లో రాశాను, తరగతిలో నేర్పాను, పట్టు రైతుల శిక్షణ తరగతుల్లో కూడా చెప్పాను. కేంద్రకం ఉన్న కణాలన్నిటిలోకీ అతి పురాతనమైన కొమ్మ ఇదేననీ, మైటోకాండ్రియా ఇంకా పుట్టకముందే మిగతావాటి నుంచి విడిపోయిందనీ నా వాదన. ఆ వాదనకు ఆధారం నేను సొంతంగా గీసిన ఒక వంశవృక్షం, దాని కొమ్మ మీద ఉన్న ఒక పెద్ద అంకె. ఆ అంకెను నేను ఎలా అపార్థం చేసుకున్నానో వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అదే పొరపాటు ఇప్పటికీ మన విశ్వవిద్యాలయాల్లో తయారయ్యే థీసిస్‌లలో కనిపిస్తూనే ఉంది.

పెబ్రిన్ అంటే హిందూపురం, మదనపల్లె వైపు పట్టు రైతులకు చెప్పక్కర్లేదు. తల్లి చిలక నుంచి గుడ్డులోకి దిగే తెగులు కనుక ఒక తల్లికి ఉంటే ఆ గుడ్లన్నీ అనుమానించాల్సిందే. అందుకే గ్రైనేజీలో గుడ్లు పెట్టిన తల్లి చిలకను నూరి, ఆ ద్రవాన్ని మైక్రోస్కోప్ కింద చూస్తారు. మూడు నాలుగు మైక్రాన్ల పొడవుతో, మెరుస్తూ, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బీజాలు కనిపిస్తే ఆ గుడ్లను తగలబెడతారు. కనిపించకపోతేనే అవి డీఎఫ్‌ఎల్స్‌గా రైతు చేతికి వస్తాయి. 1860లలో ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ పట్టుపురుగుల మీద పనిచేసి ఖాయం చేసిన పద్ధతి ఇది. దీనికి వంశవృక్షంతో పని లేదు కాబట్టి నా తప్పు వల్ల రైతులకు నష్టం జరగలేదు. నష్టపోయింది నా దగ్గర చదువుకున్నవాళ్లు.

నోసిమా ఉండే గుంపును మైక్రోస్పోరిడియా అంటారు. ఇవి మరో జీవి కణంలోపల మాత్రమే పెరుగుతాయి. 1983లో థామస్ కావలియర్-స్మిత్ మైటోకాండ్రియా కనిపించని ఏకకణ జీవులను ఒక చోట చేర్చి ఆర్కిజోవా అని పేరు పెట్టాడు. వీటిలో మైక్రోస్పోరిడియాతో పాటు గియార్డియా, ట్రైకోమొనాస్ వర్గాలూ ఉన్నాయి. 1987లో వోస్‌బ్రింక్, అతని సహచరులు వైరిమార్ఫా నెకాట్రిక్స్ అనే మైక్రోస్పోరిడియన్ రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్స్‌తో చెట్టు కడితే, అది నిజంగానే కేంద్రక జీవుల చెట్టులో అట్టడుగున వచ్చింది. ఊహ, సీక్వెన్స్ రెండూ ఒకే మాట చెప్పడంతో ఆ అభిప్రాయం పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. నేను చదువుకున్నవి ఆ పుస్తకాలే.

నేను పని మొదలుపెట్టే నాటికి ఆ అభిప్రాయం కూలిపోయింది. ఎన్సెఫలిటోజూన్ క్యునిక్యులై పూర్తి జీనోమ్ 2001లో అచ్చయింది. లేవనుకున్న మైటోకాండ్రియాల అవశేషాలను, అంటే మైటోసోమ్‌లను, 2002లో ట్రాకిప్లీస్టోఫోరా హోమినిస్ కణాల్లో చూపించారు. ఇవి నాకు తెలియనివి కావు. సెమినార్‌లో ఒకరు ఈ పత్రాల మాట ఎత్తితే, నా చెట్టుకు బూట్‌స్ట్రాప్ వెయ్యిసార్లు చేశాననీ, ఫలితం వందకు దగ్గరగా ఉందనీ జవాబిచ్చాను. ఇతరుల సాక్ష్యం కన్నా నా అంకె గొప్పదని నమ్మాను. నా అవివేకమంతా ఆ జవాబులోనే ఉంది.

ఇక ఆ చెట్టును ఎలా కట్టానో చెప్తాను. నోసిమా బాంబిసిస్, మరో మూడు మైక్రోస్పోరిడియా, బేకరీ ఈస్ట్, మరికొన్ని శిలీంద్రాలు, కొన్ని జంతువులు, మొక్కలు, గియార్డియా, ట్రైకోమొనాస్, వీటన్నిటికీ బయటి గుంపుగా రెండు ఆర్కియా. అన్నిటి నుంచీ తీసుకున్నది రైబోసోమ్ చిన్న ఉపభాగపు ఆర్‌ఎన్‌ఏ జన్యువు. దీన్ని పోల్చాలంటే ముందు సీక్వెన్స్‌లను ఒకదాని కింద ఒకటి పేర్చాలి. అదే అలైన్‌మెంట్. ప్రతి నిలువు వరుసా ఒక వాంగ్మూలం: ఈ వరుసలో ఉన్న అక్షరాలన్నీ ఒకే పూర్వీకుడిలోని ఒకే స్థానం నుంచి దిగివచ్చాయని అది చెప్తుంది. వాంగ్మూలం తప్పయితే ఆ పైన కట్టేదంతా తప్పే.

మైక్రోస్పోరిడియా జన్యువు ఇక్కడే ఇబ్బంది పెడుతుంది. ఈస్ట్‌లో ఈ జన్యువు దాదాపు 1,800 అక్షరాలుంటే, మైక్రోస్పోరిడియాలో 1,250 దరిదాపుల్లోనే ఉంటుంది. బ్యాక్టీరియాలో ఉండే 1,500 కన్నా కూడా తక్కువ. అంటే పెద్ద పెద్ద ముక్కలు రాలిపోయాయి, మిగిలినవి బాగా మారిపోయాయి. ఇలాంటి సీక్వెన్స్‌ను క్లస్టల్‌కు ఇస్తే అది ఖాళీలు పెట్టి ఎలాగోలా పేరుస్తుంది. పేర్చేముందు సీక్వెన్స్‌ల మధ్య పైపై పోలికలతో ఒక దారిచూపే చెట్టును తనే కట్టుకుంటుంది. ఆ చెట్టులో దగ్గరగా ఉన్నవాటిని ముందు జత చేస్తుంది. వేగంగా మారిన సీక్వెన్స్‌లు అన్నిటికన్నా దూరంగా కనిపిస్తాయి కాబట్టి చివర్లో చేరతాయి. అంటే నేను వెతుకుతున్న జవాబులో కొంత అలైన్‌మెంట్‌లోనే ముందుగా చొరబడింది. ఖాళీలు ఎక్కువున్న, అక్షరాలు చెదిరిన భాగాలను తీసేయాలని తెలుసు. కానీ డేటా తగ్గిపోతుందన్న భయంతో చాలావరకు ఉంచేశాను.

తర్వాత ఫిలిప్ ప్యాకేజీ. అప్పట్లో వరుసగా నాలుగు ప్రోగ్రాములు నడిపేవాళ్లం: `seqboot`, `dnadist`, `neighbor`, `consense`. మొదటిది అలైన్‌మెంట్ నుంచి వెయ్యి నకిలీ అలైన్‌మెంట్లు తయారుచేస్తుంది. రెండోది ప్రతిదానిలో జీవుల మధ్య దూరాలు లెక్కకడుతుంది. మూడోది ఆ దూరాలతో చెట్టు కడుతుంది. నాలుగోది వెయ్యి చెట్లనూ చూసి, ఏ గుంపు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి ఒక ఉమ్మడి చెట్టు ఇస్తుంది.

బూట్‌స్ట్రాప్ అంటే ఏమిటో అప్పుడు సరిగ్గా అర్థమై ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన అవసరం వచ్చేది కాదు. గణాంకశాస్త్రంలో బ్రాడ్లీ ఎఫ్రాన్ 1979లో ఇచ్చిన పద్ధతిని 1985లో జో ఫెల్సెన్‌స్టైన్ వంశవృక్షాలకు తెచ్చాడు. అలైన్‌మెంట్‌లో 1,200 నిలువు వరుసలున్నాయనుకోండి. వాటిలోంచి ఏదో ఒక వరుసను యాదృచ్ఛికంగా తీసి రాసుకుని, దాన్ని తిరిగి అక్కడే పెట్టేసి, మళ్లీ ఇంకోటి తీయాలి. ఇలా 1,200 సార్లు. కొన్ని వరుసలు రెండుమూడు సార్లు వస్తాయి, కొన్ని అసలు రావు. ప్రతి నకిలీ అలైన్‌మెంట్‌లోనూ సగటున 37 శాతం వరుసలు తప్పిపోతాయి. అలా తయారైన ప్రతిదాని నుంచీ ఒక చెట్టు కట్టి, ఫలానా గుంపు నూటికి ఎన్నిసార్లు వచ్చిందో చూస్తే అదే ఆ కొమ్మ బూట్‌స్ట్రాప్ విలువ.

ఇది జవాబు చెప్పే ప్రశ్న ఒక్కటే. ఇదే జన్యువు నుంచి ఇలాంటి వరుసలే ఇంకో సెట్ దొరికి, ఇదే పద్ధతితో చెట్టు కడితే, ఈ గుంపు మళ్లీ వస్తుందా? అంతే. గుంపు నిజమా కాదా అన్న ప్రశ్న ఇందులో లేదు. పద్ధతికే ఒకవైపు మొగ్గు ఉంటే, వెయ్యి నకిలీ అలైన్‌మెంట్లలోనూ అది అటే మొగ్గుతుంది. ఒకవైపు వంగిన త్రాసులో సరుకును వెయ్యిసార్లు తూచినా అదే తప్పు బరువు వస్తుంది. ప్రతిసారీ ఒకే బరువు వచ్చింది కనుక అది సరైన బరువని నేను వాదించాను.

ఈ విలువ ఎంత తేలిగ్గా పెరుగుతుందో కూడా అప్పట్లో నాకు తెలియదు. ఫెల్సెన్‌స్టైన్ 1985 పత్రంలోనే ఒక లెక్క ఉంది. ఒక గుంపును మూడే మూడు వరుసలు బలపరుస్తున్నాయనీ, దానికి ఎదురుచెప్పే వరుస ఒక్కటి కూడా లేదనీ అనుకుందాం. ఆ మూడింటిలో కనీసం ఒకటైనా నకిలీ అలైన్‌మెంట్‌లోకి వస్తే చాలు, ఆ గుంపు కనిపిస్తుంది. మూడూ తప్పిపోయే అవకాశం సుమారు 5 శాతం. కనుక బూట్‌స్ట్రాప్ 95. పన్నెండు వందల వరుసల అలైన్‌మెంట్‌లో మూడు వరుసలు చాలు, తొంభై అయిదు వచ్చేస్తుంది. ఆ మూడు వరుసలు పేర్చడంలో జారిన ముక్క నుంచి వచ్చినవైనా బూట్‌స్ట్రాప్‌కు తేడా తెలియదు. అది అలైన్‌మెంట్‌ను ఉన్నదున్నట్టు నమ్ముతుంది.

నేను చేసింది ఇంకొకటుంది. మొదట వందసార్లు చేశాను, తర్వాత వెయ్యిసార్లు. వెయ్యి చేస్తే సాక్ష్యం పదింతలు బలపడుతుందని అనుకున్నాను. పెరిగేది లెక్కింపు కచ్చితత్వం మాత్రమే. అసలు విలువ 95 అయితే, వందసార్లతో అది అటూఇటూగా రెండు శాతం ఊగుతుంది. వెయ్యిసార్లతో ఆ ఊగిసలాట ఒక శాతం లోపుకు వస్తుంది. అంటే తప్పు జవాబునే ఇంకాస్త కచ్చితంగా కొలిచాను.

విలువ డెబ్భై దాటితే నమ్మవచ్చన్న మాట కూడా నన్ను తప్పుదారి పట్టించింది. 1993లో డేవిడ్ హిల్లిస్, జేమ్స్ బుల్ చేసిన పరీక్షల నుంచి ఈ మాట వచ్చింది. వారు నమూనా పరిస్థితుల్లో చూస్తే, 70 పైబడ్డ గుంపులు చాలావరకు నిజమైనవే అయ్యాయి. కానీ ఆ పరిస్థితుల్లో అన్ని కొమ్మలూ దాదాపు ఒకే వేగంతో మారుతున్నాయి. వేగాలు విపరీతంగా తేడాగా ఉంటే ఈ పూచీ పనిచేయదని ఆ పత్రంలోనే ఉంది. నేను అంకెను పట్టుకుని షరతును వదిలేశాను. నోసిమా విషయంలో ఆ షరతే అసలు సంగతి.

ఒకసారి ఎమ్మెస్సీ తరగతిలో ఈ చెట్టును చూపిస్తుంటే వెనక వరుసలోని అమ్మాయి అడిగింది: "మేడమ్, ఈ చెట్టులో కొమ్మల పొడవు ఎక్కడుంది?"

"కొమ్మ మీద అంకె ఉంది కదమ్మా, చూడు" అన్నాను.

"అది ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే అంకె కదండీ. ఎంత మారిందో చెప్పేది ఏది?"

నేను పాఠం ముందుకు నడిపేశాను. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక ఫైలు తెరిచి చూస్తే అర్థమైంది. `consense` ఇచ్చే చెట్టు ఫైల్లో కొమ్మ పొడవు ఉండాల్సిన చోట ఆ గుంపు ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్కే ఉంటుంది. నేను గీసి చూపించిన చిత్రంలో కొమ్మలన్నీ అందంగా ఒకే తీరున ఉన్నాయి. నోసిమా కొమ్మ నిజానికి ఎంత పొడవో నేను ఎన్నడూ చూడలేదు. అసలు అలైన్‌మెంట్ నుంచి ఒక్క చెట్టు కట్టి, పొడవులతో గీశాను. ఈస్ట్, మొక్క, జంతువు అన్నీ దగ్గర దగ్గరగా కుదురుగా ఉన్నాయి. మైక్రోస్పోరిడియా కొమ్మ కాగితం అంచు దాకా పోయింది. గియార్డియా కొమ్మ అలాగే ఉంది. ఆర్కియా కొమ్మ సరేసరి. పొడవాటి కొమ్మలన్నీ ఒక మూల, పొట్టివన్నీ ఇంకో మూల.

దీని పేరు లాంగ్ బ్రాంచ్ అట్రాక్షన్. పొడవాటి కొమ్మలు చుట్టరికం లేకపోయినా ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఇలా ఎప్పుడు జరుగుతుందో ఫెల్సెన్‌స్టైన్ 1978లోనే గణితంతో చూపించాడు. డేటా పెరిగేకొద్దీ తప్పు చెట్టు మీదే నమ్మకం పెరిగే పరిస్థితులున్నాయని ఆయన తేల్చాడు. కారణం సులువే. అక్షరాలు నాలుగే: ఎ, సి, జి, టి. ఒక స్థానం చాలాసార్లు మారితే పాత గుర్తు చెరిగిపోతుంది. అలా వేగంగా మారిన రెండు జీవుల్లో ఆ స్థానాలు కాకతాళీయంగా నాలుగింట ఒకసారి కలుస్తాయి. ఆ కలయికను చుట్టరికంగా లెక్కించకుండా ఉండాలంటే, ఎన్ని మార్పులు చెరిగిపోయాయో పద్ధతి సరిగ్గా అంచనా వేయాలి.

నా పద్ధతి ఆ అంచనాలోనే విఫలమైంది. కంటికి కనిపించే తేడా `p` నుంచి నిజమైన దూరం `d` లెక్కించే అతి సాదా సూత్రం జ్యూక్స్, కాంటర్‌లది. అది అన్ని స్థానాలూ ఒకే వేగంతో మారతాయని అనుకుంటుంది. రైబోసోమ్ జన్యువులో అలా ఉండదు. రైబోసోమ్ పనికి అత్యవసరమైన స్థానాలు కోట్ల ఏళ్లయినా కదలవు, మరికొన్ని నిరంతరం మారుతూ ఉంటాయి. ఈ వేగాల తేడాను గామా అనే విస్తరణతో లెక్కలోకి తెచ్చినది రెండో సూత్రం. అందులో `a` ఎంత చిన్నదైతే వేగాల తేడా అంత ఎక్కువ.

```
d = -(3/4) ln(1 - 4p/3)
d = (3/4) a [ (1 - 4p/3)^(-1/a) - 1 ]
```

రెండు ఉదాహరణలతో చూద్దాం. దగ్గరి జీవులు రెండింటి మధ్య 20 శాతం తేడా ఉందనుకోండి. మొదటి సూత్రం దూరం 0.23 అంటుంది. `a` విలువ 0.5 అనుకుంటే రెండోది 0.32 అంటుంది. పెద్ద తేడా కాదు. ఇప్పుడు దూరపు జీవుల మధ్య 45 శాతం తేడా ఉందనుకోండి. మొదటి సూత్రం 0.69 అంటుంది, రెండోది 1.97 అంటుంది. దాదాపు మూడింతలు. అంటే వేగాల తేడాను పట్టించుకోకపోతే చిన్న దూరాలు కాస్తే తగ్గుతాయి, పెద్ద దూరాలు విపరీతంగా కుంచించుకుపోతాయి. నోసిమాకూ ఆర్కియాకూ మధ్య దూరం అన్నిటికన్నా పెద్దది. అందుకే అన్నిటికన్నా ఎక్కువగా కుంచించుకుపోయేది అదే. ఫలితంగా నోసిమా ఆర్కియా వైపుకు, అంటే చెట్టు మొదట్లోకి, జారిపోతుంది. ప్రతి నకిలీ అలైన్‌మెంట్‌లోనూ మొదటి సూత్రమే వాడాను కాబట్టి ప్రతిసారీ అలాగే జారింది. వందకు దగ్గరైన ఆ బూట్‌స్ట్రాప్ విలువ ఆ జారుడును కొలిచిన విలువ.

అనుమానం వచ్చాక దాన్ని పరీక్షించడం కష్టం కాదు. ఆ పరీక్షను మొదటే చేయకపోవడమే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. మొదట ఆర్కియాను తీసేసి చెట్టు కట్టాను. తర్వాత గియార్డియాను తీశాను. నిజమైన చుట్టరికమైతే ఒక జీవిని తీసేసినంత మాత్రాన మిగతావాటి స్థానాలు మారకూడదు. నోసిమా మాత్రం ప్రతిసారీ మిగిలినవాటిలో పొడవాటి కొమ్మ ఏదైతే దాని పక్కకు చేరింది. తర్వాత చెదిరిన భాగాలన్నీ అలైన్‌మెంట్ నుంచి తీసేసి, గామాతో దూరాలు లెక్కించాను. నేను అంత గట్టిగా నమ్మిన గుంపు విలువ యాభై లోపుకు పడిపోయింది. శిలీంద్రాలతో కలిసే గుంపుకు కూడా పెద్ద మద్దతు రాలేదు. ఆ ఒక్క చిన్న జన్యువుకు ఈ ప్రశ్నకు జవాబు చెప్పే శక్తి లేదన్నదే దాని నిజమైన సమాధానం. నేను దాని చేత అబద్ధం చెప్పించాను.

జవాబు వేరే జన్యువుల్లో ఉంది. 1996లో ట్యూబ్యులిన్ జన్యువుల చెట్లు మైక్రోస్పోరిడియాను శిలీంద్రాల పక్కన పెట్టాయి. 1997లో మైటోకాండ్రియా నుంచి వచ్చిన హెచ్‌ఎస్‌పి70 జన్యువు వీటిలో దొరికింది, అంటే ఒకప్పుడు వీటికి మైటోకాండ్రియా ఉండేదన్నమాట. 1999లో రాబర్ట్ హిర్ట్, సహచరులు ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ పెద్ద ఉపభాగపు జన్యువుతో, వేగాల తేడాను లెక్కలోకి తీసుకుని, శిలీంద్రాల బంధుత్వాన్నే చూపారు. మరుసటి ఏడాది వాన్ డి పీర్ బృందం రైబోసోమ్ పెద్ద ఉపభాగపు ఆర్‌ఎన్‌ఏతోనే, స్థానాల వేగాలను సరిచేసి, అదే ఫలితానికి వచ్చింది. ఆ బృందం వాడినదీ రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏనే, సరిచేసిన పద్ధతి వల్లే చెట్టు మారింది. 2013లో రోజెల్లా అనే పరాన్నజీవి జీనోమ్ వచ్చాక, శిలీంద్రాల మొదట్లో విడిపోయిన ఆ శాఖ పక్కనే మైక్రోస్పోరిడియా చేరాయి. బీజం గోడలో కైటిన్ ఉండటం చాలా ముందే తెలుసు. గ్రైనేజీలో మైక్రోస్కోప్ ముందు కూర్చునే ఒకాయన, చూడ్డానికి బూజు బీజంలా ఉంటుంది కదా అని నాతో అన్నాడు కూడా. బూట్‌స్ట్రాప్ విలువ చేతిలో ఉంది కాబట్టి నేను అతని మాట వినలేదు.

ఇవి పురాతనమైనవి కావు, కుదించుకుపోయినవి. పరాన్నజీవనంలో అవసరం లేని జన్యువులను వదిలేశాయి, మిగిలినవి వేగంగా మారాయి. ఎన్సెఫలిటోజూన్ జీనోమ్ 29 లక్షల అక్షరాలు, సుమారు 2,000 జన్యువులు. ఈస్ట్‌లో 1.2 కోట్ల అక్షరాలు, 6,000 జన్యువులు. చిన్నగా, సాదాగా ఉన్నదాన్ని పాతదని పొరబడటం, వేగంగా మారినదాన్ని దూరపుదని పొరబడటం, రెండూ ఒకే చోట కలిశాయి. ఒకదానికొకటి తోడు సాక్ష్యంగా కనిపించాయి.

ఒక్క జన్యువు కాకుండా వందల జన్యువులుంటే ఈ గొడవ ఉండదని కొందరంటారు. అదీ నిజం కాదు. 2003లో ఆంటోనిస్ రోకాస్, సహచరులు ఎనిమిది ఈస్ట్ జాతుల నుంచి 106 జన్యువులను కలిపి చెట్టు కడితే ప్రతి కొమ్మకూ నూటికి నూరు వచ్చింది. మరుసటి ఏడాది ఫిలిప్స్, డెల్సుక్, పెన్నీ అదే డేటాతో, దూరాల మీద ఆధారపడే మరో పద్ధతిలో చెట్టు కడితే వేరే చెట్టు వచ్చింది. దానికీ నూటికి నూరే. జాతుల మధ్య అక్షరాల నిష్పత్తులు తేడాగా ఉండటం అందుకు కారణమని వారు చూపారు. ఎ, జి అక్షరాలను ఒకటిగా, సి, టి అక్షరాలను ఒకటిగా లెక్కించి ఆ తేడాను తగ్గిస్తే రెండో చెట్టు మాయమై మొదటిదే నిలిచింది. ఒకే డేటా మీద రెండు పరస్పర విరుద్ధమైన నూర్లు ఉండగలవని తెలిశాక, బూట్‌స్ట్రాప్ ఒక్కదాన్నే చూసి ఏ చెట్టునూ నమ్మలేకపోతున్నాను.

ఇవాళ ప్రోటీన్ సీక్వెన్స్‌లతో చెట్టు కట్టాల్సి వస్తే నా పని ఇలా మొదలవుతుంది:

```
mafft --auto rpb1.fasta > rpb1.aln
iqtree2 -s rpb1.aln -m MFP -b 200
```

`MFP` అంటే రకరకాల నమూనాలను, వేగాల తేడాతో సహా, పోల్చి డేటాకు సరిపడేదాన్ని ఎంచుకోవడం. `-b` అంటే ఫెల్సెన్‌స్టైన్ చెప్పిన అసలు బూట్‌స్ట్రాప్. దాని పక్కనే `-B` ఉంది. అది వేగవంతమైన వేరే పద్ధతి, దాని విలువలు వేరే తీరున ఉంటాయి. దానిలో 95 లోపు వస్తే గట్టి మద్దతుగా లెక్కించకూడదు. పాత డెబ్భై గీతను తెచ్చి దాని మీద పెట్టడం చాలా థీసిస్‌లలో చూస్తున్నాను. ఈ ప్రోగ్రామ్ మొదట్లోనే ప్రతి సీక్వెన్స్ కూర్పు మిగతావాటితో సరిపోతుందో లేదో పరీక్షించి చెప్తుంది. ఆ వరుసలు చదవకుండా కిందికి పోకూడదు. ఆ తర్వాత చెట్టును పొడవులతో సహా గీసి చూస్తాను. పొడవాటి కొమ్మలు పక్కపక్కన చేరి ఉంటే ఒక్కొక్కటే తీసి మళ్లీ కడతాను. నేను నమ్మే చెట్టును, దానికి పోటీ చెట్టును ఒక ఫైల్లో పెట్టి, డేటా రెండోదాన్ని నిజంగా తోసిపుచ్చుతోందా అని అడుగుతాను:

```
iqtree2 -s rpb1.aln -m MFP -z trees.nwk -n 0 -zb 10000 -au --prefix rpb1_au
```

నా పాత జన్యువుతో ఈ పరీక్ష చేస్తే, శిలీంద్రాల పక్కన నోసిమా ఉన్న చెట్టును అది తోసిపుచ్చలేదు. అంటే వందకు దగ్గరైన విలువతో నేను గీసిన చెట్టూ, నేను తప్పన్న చెట్టూ ఆ డేటాకు సమ్మతమైనవే.

వెనక వరుసలోంచి ప్రశ్న అడిగిన ఆ అమ్మాయికి తర్వాత ఈ సంగతంతా చెప్పాను. ఆ ఏడాది తరగతిలో మిగతా అందరికీ చెప్పే అవకాశం దొరకలేదు. వాళ్లలో కొందరు ఇప్పుడు కాలేజీల్లో పాఠాలు చెప్తున్నారు. మైక్రోస్పోరిడియా అతి పురాతన జీవులని నా దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఆ పాఠం మార్చుకోండి. నా థీసిస్‌లోని ఆ చెట్టును ఉటంకించవద్దు. మీ విద్యార్థి బూట్‌స్ట్రాప్ విలువలున్న చెట్టు పట్టుకొస్తే, సంతకం పెట్టేముందు కొమ్మల పొడవులున్న చెట్టు కూడా అడిగి చూడండి.